మామిడి అంట్ల కరపత్రం: పేరాను పట్టికగా మార్చిన పని డైరీ

సోమవారం

పూతలపట్టు రోడ్డులో మా మేనమామకు మామిడి నర్సరీ ఉంది. అంట్లు కొనడానికి వచ్చే రైతులకు ఇచ్చే కరపత్రం మళ్ళీ వేయించాలి, వానలు పడి మొక్కలు నాటే రోజులు రాకముందే చేతికి రావాలి. ఏ5 కాగితం, ఒక వైపే ప్రింటు. నేను చిత్తూరులో డీటీపీ పని చేస్తాను కాబట్టి అది నా మీద పడింది. ఇందులో సగం కాగితాన్ని మధ్యలో ఉన్న ఒక్క పేరానే తినేస్తోంది. మూడు రకాలను పోల్చి చెప్పే పేరా అది. దాన్ని చిన్న పట్టికగా మార్చడం వరకే ఈ డైరీ. పేరా ఇదీ, మామ రాసింది రాసినట్టు:

> మా వద్ద ముఖ్యంగా మూడు రకాల అంటు మొక్కలు లభిస్తాయి. బేనీషా (బంగినపల్లి) అందరికీ తెలిసిన తినే రకం, పీచు ఉండదు, మంచి తీపి, మే నెల నుంచి కోతకు వస్తుంది, మండీలో మంచి గిరాకీ ఉంటుంది కానీ ఒక ఏడు బాగా కాస్తే మరుసటి ఏడు కాపు తగ్గుతుంది. తోతాపురి అయితే అలా కాదు, దాదాపు ప్రతి ఏడూ కాస్తుంది, తోలు మందం కాబట్టి దూరం పంపినా తట్టుకుంటుంది, మన ప్రాంతంలో గుజ్జు ఫ్యాక్టరీలు ఎక్కువగా దీన్నే కొంటాయి, జూన్, జూలైలలో కోత, అయితే ధర మాత్రం ఫ్యాక్టరీల మీద ఆధారపడి ఉంటుంది. నీలం కాయ చిన్నది, ఇది కూడా ఏటా కాస్తుంది, అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది, బాగా నిల్వ ఉంటుంది, మల్లిక, ఆమ్రపాలి వంటి రకాలను కూడా నీలంతో సంకరం చేసే తయారు చేశారు, అయితే టెంకపురుగు బెడద ఉంటుంది. మూడు రకాలనూ 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 మొక్కలు పడతాయి.

ఇందులో చెప్పిన విషయాలు మంచివే. ఇబ్బంది వాటి వరుసలో ఉంది. మామ ఒక్కో రకం గురించీ మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుంటూ పోయాడు, రైతు మాత్రం ఒక్కో గుణం పట్టుకుని మూడింటినీ చూడాలనుకుంటాడు. "ఏటా కాసేది ఏది?" అనుకున్న మనిషి బేనీషా సంగతి మనసులో పెట్టుకుని, తోతాపురి దాకా చదివి, నీలం దగ్గర మళ్ళీ వెతుక్కోవాలి. అంత ఓపిక పట్టకుండా కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని "ఏది పెట్టమంటావన్నా?" అని మామనే అడుగుతున్నారు.

సోమవారం రాత్రి

నేరుగా గళ్ళు గీయకుండా ముందు పేరాను ముక్కలు చేశాను. ఒక్కో చిన్న మాటను ఒక్కో వరుసలో పెట్టి, దాని ముందు రకం పేరు, గుణం పేరు రాశాను. "బేనీషా, కోత, మే నెల నుంచి." "తోతాపురి, తోలు, మందం." ఇలా పేరా అంతా. ఇది విసుగు పుట్టించే పనే కానీ, ఇక్కడే పట్టిక తయారవుతుంది, గళ్ళ గీతలు తర్వాత ఎవరైనా గీయవచ్చు. ఎందుకంటే ఇలా విడగొట్టాకే ఏ మాట పోలికో, ఏది కాదో కనబడుతుంది.

రెండు మాటలు వెంటనే పక్కకు వెళ్ళిపోయాయి. మల్లిక, ఆమ్రపాలి రెండూ నీలం, దశేరీల సంకరాలే, ఆ సంగతి నాకు ఇష్టమైనది కూడా. కానీ అది నీలం గురించిన కథ. పట్టికలో పెడితే మిగతా రెండు రకాల పక్కన ఖాళీ గళ్ళే మిగులుతాయి. నాటే దూరమేమో మూడింటికీ ఒక్కటే. మూడు గళ్ళలోనూ అదే 10 మీటర్లు రాస్తే ఆ నిలువు వరుస చోటు తీసుకుంటుందే తప్ప రైతు ఎంచుకోవడానికి ఏమీ సాయం చేయదు. అలాంటిది పట్టిక కింద ఒక్క వాక్యంగా ఉంటే చాలు.

మిగిలిన వాటిని గళ్ళలో పోశాను. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ఒక్కో రకాన్ని ఒక్కో వరుసగా, గుణానికీ గుణానికీ మధ్య ట్యాబ్ కొట్టి టైప్ చేసి, మొత్తం సెలెక్ట్ చేసి `Table > Convert > Text to Table` నొక్కితే గళ్ళు వాటంతట అవే వస్తాయి. ముందే ఖాళీ పట్టిక గీసుకుని ఒక్కో గడిలోకి కాపీ చేయడం కంటే ఇది నయం, ఎక్కడ మాట లేదో ట్యాబుల దగ్గరే తెలిసిపోతుంది. ఇదీ వచ్చిన రూపం:

| రకం | కోత | కాపు | కాయ, తోలు | నిల్వ, రవాణా | కొనేవాళ్ళు | సమస్య |
|---|---|---|---|---|---|---|
| బేనీషా | మే నెల నుంచి కోతకు వస్తుంది | ఒక ఏడు బాగా కాస్తే మరుసటి ఏడు కాపు తగ్గుతుంది | పీచు ఉండదు, మంచి తీపి | | మండీలో మంచి గిరాకీ ఉంటుంది | |
| తోతాపురి | జూన్, జూలైలలో కోత | దాదాపు ప్రతి ఏడూ కాస్తుంది | తోలు మందం | దూరం పంపినా తట్టుకుంటుంది | గుజ్జు ఫ్యాక్టరీలు ఎక్కువగా దీన్నే కొంటాయి | ధర ఫ్యాక్టరీల మీద ఆధారపడి ఉంటుంది |
| నీలం | అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది | ఇది కూడా ఏటా కాస్తుంది | కాయ చిన్నది | బాగా నిల్వ ఉంటుంది | | టెంకపురుగు బెడద ఉంటుంది |

ఏ5లో ఏడు నిలువు వరుసలు అంటే ఒక్కో గడిలో ఒక్కో మాటకే చోటు, అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అయినా దీన్ని అలాగే ఉంచి ప్రింటు తీసుకున్నాను, ఖాళీ గళ్ళను మామకు చూపించాలి.

మంగళవారం

పేరాలో ఏదైనా చెప్పకుండా వదిలేస్తే ఎవరికీ తెలియదు, వాక్యం నడిచిపోతుంది. పట్టికలో అయితే ఖాళీ గడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా రైతు ఆ ఖాళీని "లేదు" అని చదువుకుంటాడు. బేనీషా పక్కన "సమస్య" గడి ఖాళీగా ఉంటే దానికి ఏ తెగులూ రాదన్నట్టే.

నర్సరీకి పోయి మామను ఒక్కో ఖాళీ గురించీ అడిగాను. టెంకపురుగు మిగతా రెంటికీ రాదా అంటే, "ఎందుకు రాదు అల్లుడూ, అన్నిటికీ వస్తుంది, మా తోటలో నీలానికి ఎక్కువగా చూస్తా ఉంటాను, అంతే" అన్నాడు. ఆ పురుగు పిందె మీద గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు లోపలికి దొలుచుకుంటూ టెంకలోకి పోతుంది, కాయ పెరిగేకొద్దీ పైన రంధ్రం పూడిపోతుంది, కాబట్టి కోసి చూస్తే గానీ తెలియదు. రాలిన కాయలు, టెంకలు తోటలో ఉండనీయకుండా ఏరి పారేయడం మూడు రకాలకూ చెప్పాల్సిన జాగ్రత్తే. అంటే అది పోలిక కాదు, జాగ్రత్త. ఆ మాట పట్టిక కిందికి దిగింది.

"నిల్వ, రవాణా" దగ్గర ఇంకా పెద్ద చిక్కు. తోతాపురికి మామ రాసింది దూరం తట్టుకోవడం గురించి, నీలానికి రాసింది నిల్వ ఉండటం గురించి. పేరాలో ఈ రెండూ ఒకే మెచ్చుకోలులా వినిపిస్తాయి, ఒకదాని కింద ఒకటి పెడితే మాత్రం రెండు వేరే ప్రశ్నలకు జవాబులని తెలిసిపోతుంది. పక్కపక్కనే పెట్టి పోల్చడానికి వీల్లేదు. మరి బేనీషా దూరం పోదా అని అడిగితే మామ నవ్వి, "దామలచెరువు మండీ నుంచి ఉత్తరాదికి పోయేది ఏందనుకున్నావు, బేనీషా కాదా" అన్నాడు. ఇంకాస్త అడిగితే అసలు తేడా బయటికి వచ్చింది. బేనీషా పెట్టెల్లో సర్దుకుని పోతుంది, దెబ్బ తగిలితే మచ్చపడి రేటు పడిపోతుంది. ఫ్యాక్టరీకి పోయే తోతాపురిని ట్రాక్టర్లో, లారీలో లూజుగా పోసి పంపుతారు, ఎట్లాగూ గుజ్జు తీస్తారు కాబట్టి పైన మచ్చ ఉన్నా పట్టింపు లేదు. కోత కూలి, ప్యాకింగు ఖర్చు లెక్క వేసుకునే రైతుకు కావాల్సింది ఇదే, పేరాలో మాత్రం ఇది ఎక్కడా లేదు. ఖాళీ గడి గురించి అడగబట్టే దొరికింది.

కాబట్టి ఆ నిలువు వరుస పేరు మార్చాను: "ఎట్లా పంపాలి?" నీలానికి కూడా పెట్టెలే అన్నాడు మామ.

బుధవారం

ఈ రోజు ఏ నిలువు వరుసలు ఉండాలో తేల్చాను. ఒక్కోదాని దగ్గర ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఈ గడిలో మాట మారితే రైతు కొనే అంటు మారుతుందా? కాయ సైజు, తీపి, పీచు దగ్గర జవాబు లేదు. మన వైపు తోట పెట్టే మనిషికి బేనీషా ఎట్లా ఉంటుందో, నీలం ఎంత ఉంటుందో చెప్పాల్సిన పని లేదు, చిన్నప్పటి నుంచి తింటున్నవే. బయటి ఊళ్ళ నుంచి పండ్లు కొనడానికి వచ్చేవాళ్ళ కోసం రాస్తే అవే ముందు ఉండాలి, అది వేరే పట్టిక అవుతుంది. అంట్లు కొనే మనిషికి కావాల్సినవి నాలుగు: ఎప్పుడు కోత, ఏటా కాపు ఉంటుందా, ఎవరు కొంటారు, ఎట్లా పంపాలి.

ధర గురించి మామకూ నాకూ కాసేపు వాదన నడిచింది. రేటు లేకుండా రైతుకు ఏం చెబుతాం అని మామ. ప్రింటు వేసిన కరపత్రంలో రేటు పెట్టకూడదని నేను. 2025 సీజనులో తోతాపురికి కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 అని ప్రకటించారు. ఆ అంకె ఆ సీజనుది. మొక్క నాటితే నాలుగైదేళ్ళకు గానీ చెప్పుకోదగ్గ కాపు రాదు, ఇవాళ్టి రేటు చూసి అంటు కొంటే అప్పటికి ఆ అంకెకు విలువే ఉండదు. నిలబడే విషయం ఏమిటంటే, తోతాపురి రేటును నిర్ణయించేది ఫ్యాక్టరీలు, బేనీషా రేటును నిర్ణయించేది మండీ. అది "ఎవరు కొంటారు?" అన్న గడిలోనే ఉంది. మామ ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు: దగ్గర్లో ఫ్యాక్టరీ లేని ఊరి నుంచి వచ్చిన రైతు తోతాపురి తీసుకుపోయి తర్వాత ఇబ్బంది పడకూడదు, ఆ మాట ఎక్కడో ఒక చోట కనబడాలి. అది న్యాయమైన మాట.

రకాలను అడ్డంగా పెట్టాలా, నిలువుగా పెట్టాలా అన్నది కూడా ఇవాళే తేలింది. రకం పేర్లు ఎడమ వైపు ఒకదాని కింద ఒకటి ఉంచాను. అప్పుడు ఒకే గుణానికి చెందిన మూడు మాటలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, కన్ను పై నుంచి కిందికి జారితే చాలు, తేడా దొరుకుతుంది. మళ్ళీ ఏడు మామ ఇంకో రకం తెస్తే కింద ఒక వరుస చేర్చుకోవచ్చు, పక్కకు పెరిగితే ఏ5లో పట్టదు.

గురువారం

గళ్ళు కోసే రోజు. అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పట్టింది.

మొదట శీర్షికలో ఉన్న మాటను గడిలోంచి తీసేశాను. పైన "కోత" అని ఉన్నాక కింద "కోతకు వస్తుంది" అక్కర్లేదు. అక్కడ నెల పేరు ఉంటే చాలు. తర్వాత క్రియలు: కాస్తుంది, ఉంటుంది, కొంటాయి. మన వాక్యం క్రియ దగ్గర ఆగుతుంది కాబట్టి అది లేకపోతే వెలితిగా అనిపిస్తుంది, గడిలో కూడా చేయి అటే పోతుంది. శీర్షికనే ప్రశ్నగా మార్చితే ఆ వెలితి పోయింది. "ఎవరు కొంటారు?" అని పైన ఉంటే కింద "గుజ్జు ఫ్యాక్టరీలు" అన్నది నిండు జవాబే. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. శీర్షిక "ఎక్కడికి పోతుంది?" అయితే కింద మూడూ "ఫ్యాక్టరీకి", "మండీకి" అని ఉండాలి, "ఎవరు కొంటారు?" అయితే మూడూ "ఫ్యాక్టరీలు", "వ్యాపారులు" అని ఉండాలి. ఒకటి అటు, ఒకటి ఇటు ఉంటే చదివేవాడు ప్రతి గడి దగ్గరా తట్టుకుంటాడు. అందుకే గడిని విడిగా చూసి కోయకూడదు, శీర్షిక చదివి దాని కింద మూడు గళ్ళూ గొంతెత్తి చదివితే ఏది పొసగలేదో చెవికే తెలుస్తుంది.

అసలు కష్టం ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. కాపు గళ్ళనే చూడండి. "ఏటా కాపు ఉందా?" అని శీర్షిక పెడితే "ఉంది", "లేదు" అని ఒక్కో మాటతో ముగించవచ్చు, చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది. కానీ బేనీషా పక్కన "లేదు" అని కనబడితే ఏడు విడిచి ఏడు చెట్టు అసలే కాయదని అర్థం వస్తుంది. నిజానికి అక్కడ కాపు తగ్గుతుంది, అంతే. కాబట్టి "ఏడు విడిచి ఏడు తక్కువ" అని ఉంచాను, నాలుగు మాటలైనా సరే. తోతాపురి దగ్గర "దాదాపు" అన్న మాటను కొట్టేయబోతే మామ ఆపాడు. "ఏటా అని రాస్తే, పూత రాలిపోయిన ఏడు నా దగ్గరికే వస్తారు అల్లుడూ." మాట చిన్నదైనా షరతు చెబుతోంది. అలాంటి వాటిని కోస్తే గడి చిన్నదవుతుంది గానీ నిజం మారిపోతుంది. అదే "బాగా", "మంచి", "ఎక్కువగా" లాంటివి తీసేస్తే ఏమీ పోలేదు. మంచి గిరాకీ అంటే ఎంతని ఎవరూ చెప్పలేరు.

ఇంకోటి నీలం కోత. పేరాలో "అన్నిటికంటే ఆలస్యంగా" అని ఉంది, మిగతా రెంటికీ నెలలు ఉన్నాయి. ఒకే నిలువు వరుసలో రెండు నెలల పేర్లు, ఒక పోలిక మాట ఉంటే కుదరదు, మూడూ నెలలే కావాలి. మామను అడిగితే జూన్, జూలైలే అన్నాడు. అట్లా రాస్తే తోతాపురి, నీలం గళ్ళు ఒకేలా తయారై, ఆలస్యంగా వస్తుందన్న సంగతే మాయమవుతుంది. మళ్ళీ అడిగితే నీలం జూన్ చివర్లో మొదలవుతుందని తేలింది. "జూన్ చివర–జూలై" అని రాశాక తేడా నిలబడింది. బేనీషా కూడా మేతోనే ఆగదు కాబట్టి "మే–జూన్" అయింది.

| రకం | ఎప్పుడు కోత? | కాపు ఎట్లా? | ఎవరు కొంటారు? | ఎట్లా పంపాలి? |
|---|---|---|---|---|
| బేనీషా | మే–జూన్ | ఏడు విడిచి ఏడు తక్కువ | మండీ వ్యాపారులు | పెట్టెల్లో |
| తోతాపురి | జూన్–జూలై | దాదాపు ఏటా | గుజ్జు ఫ్యాక్టరీలు* | లూజుగా |
| నీలం | జూన్ చివర–జూలై | దాదాపు ఏటా | మండీ వ్యాపారులు | పెట్టెల్లో |

*రేటు ఫ్యాక్టరీలదే. దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే నాటే ముందు మాతో మాట్లాడండి.

మూడింటికీ: 10 మీటర్ల ఎడం, ఎకరాకు 40 మొక్కలు. టెంకపురుగు రాకుండా రాలిన కాయలు, టెంకలు తోటలో ఉంచకండి.

చుక్క గుర్తు ఒక్కటే పెట్టాను. మామకు ఇంకా రెండు మూడు పెట్టాలని ఉంది. కానీ ప్రతి గడికీ చుక్క పెడితే కింద మళ్ళీ అదే పేరా తయారవుతుంది, చదివేవాడు పైకీ కిందికీ తిరగాలి. నిర్ణయాన్నే తలకిందులు చేసే షరతుకు మాత్రమే చుక్క, అది ఇక్కడ ఒక్కటే ఉంది.

శుక్రవారం

పేజీ మీద కూర్చోబెట్టడం. తెలుగుతో వచ్చే చిక్కు వరుస ఎత్తు దగ్గర ఉంది. అందంగా ఉంటుందని వరుసల ఎత్తు ఒకే కొలతకు బిగిస్తే "వ్యాపారులు", "ఫ్యాక్టరీలు" లాంటి చోట్ల కింది వత్తులు గీతకు తగిలి తెగిపోతాయి, స్క్రీన్ మీద ఒక్కోసారి తెలియదు, ప్రింటులో తెలుస్తుంది. `Table > Size > Row Height` లోకి వెళ్ళి `Fit to size` టిక్కు ఉంచితే వరుస తన మాటకు తగ్గట్టు పెరుగుతుంది. నిలువు వరుసలన్నిటికీ ఒకే వెడల్పు ఇవ్వలేదు. రకం పేరుకు, పంపే తీరుకు తక్కువ, కాపుకు ఎక్కువ. వెడల్పు చాలని చోట "ఫ్యాక్టరీలు" మధ్యలో విరిగి రెండో వరుసలోకి పోతే చదవడం కష్టం, అక్కడ అక్షరం సైజు తగ్గించకుండా పక్క వరుస వెడల్పు తగ్గించాను. నర్సరీకి వచ్చేవాళ్ళలో కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వచ్చే పెద్దవాళ్ళు ఎక్కువ. నిలువు గీతలు తీసేసి అడ్డగీతలు మాత్రం సన్నగా ఉంచాను, మాటల మధ్య ఖాళీయే హద్దు చూపిస్తుంది.

సాయంత్రం నర్సరీలో ఒక పెద్దాయన చేతికి ప్రింటు ఇచ్చి, "ఏం పెద్దాయనా, మీ ఊరి దగ్గర ఫ్యాక్టరీ లేదనుకోండి, ఏటా కాపు కావాలి, ఏ అంటు తీసుకుంటారు?" అని అడిగాను. ఆయన వేలు కాపు గళ్ళ మీద దిగింది, తోతాపురి దగ్గర ఆగింది, పక్కకు జరిగి ఫ్యాక్టరీ అన్నది చూసి, కిందికి దిగి "నీలం" అన్నాడు. తర్వాత అడిగిన ప్రశ్న నాకు పనికొచ్చింది: "లూజుగా అంటే బస్తాలా?" బస్తాలు కాదు, బండిలో పోసి పంపడం. ఆ గడిలో మాట మరీ పొట్టిగా మిగిలింది. "బండిలో లూజుగా" అని మార్చాను, చోటు సరిపోయింది.

పేరా తినేసిన సగం కాగితంలో ఇప్పుడు మూడో వంతు ఖాళీ అయింది. అక్కడ మల్లిక, ఆమ్రపాలి సంగతి రెండు వాక్యాలుగా పెట్టమన్నాను, మామ రాసిస్తానన్నాడు. గుడియాత్తం వైపు నుంచి వచ్చే రైతుల కోసం తమిళంలో కూడా ఒకటి కావాలట. గళ్ళలో రెండు మూడు మాటలే ఉన్నాయి కాబట్టి దాన్ని రాయించడం తేలికే, నిలువు వరుసల వెడల్పులు మాత్రం మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి.